కుర్చీలోంచి జారిపోయిన పెద్దాయనకి `squat` అని లేబుల్ ఇస్తోంది. మోడల్ అసలు ఏం చూస్తోంది?

వంశీ_బెజవాడ

అందరికీ నమస్తే. నేనూ మా ఫ్రెండూ కలిసి ఒక వృద్ధాశ్రమానికి కెమెరా అలర్ట్ సిస్టమ్ చేస్తున్నాం. హాల్లో, వరండాలో ఇదివరకే ఉన్న సీసీ కెమెరాలనే వాడుకుంటున్నాం. వాటి వీడియోని నాలుగేసి సెకన్ల ముక్కలుగా కోసి, కైనెటిక్స్-400 మీద ఫైన్‌ట్యూన్ చేసిన `VideoMAE` బేస్ మోడల్‌కి ఇస్తున్నాం. నడిపేది `mmaction2`లో.

పేపర్ చదవడం, నేల ఊడవడం లాంటివి బాగానే పట్టుకుంటోంది. మొన్న ఒక పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవారు మెల్లగా ముందుకు జారి నేల మీద కూలబడ్డారు. ఆయా చూసి లేపింది, దెబ్బేమీ తగల్లేదు. ఆ ముక్కని మోడల్‌కి ఇస్తే వచ్చింది ఇది:

```
squat                              0.58
situp                              0.13
exercising with an exercise ball   0.07
```

తప్పు చెప్తే చెప్పింది, అంత ధైర్యంగా ఎలా చెప్తోంది అన్నదే నా టెన్షన్. ఆశ్రమం వాళ్ళకి డెమో ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సాయి_ఎంటెక్

సింపుల్ బ్రో. సాఫ్ట్‌మ్యాక్స్ 0.8 కంటే తక్కువ వస్తే ఆ లేబుల్ నమ్మకు, "తెలియదు" అని చూపించు. ఇంకా బాగా కావాలంటే "ఇతరాలు" అని 401వ క్లాస్ పెట్టి, వింతగా ఉన్న వీడియోలన్నీ అందులో పోసి మళ్ళీ ట్రెయిన్ చెయ్. మా కాలేజీ ప్రాజెక్టులో ఇలాగే చేశాం, రివ్యూలో ఎవరూ ఏమీ అనలేదు.

కూచిపూడి_రాధ

నమస్కారమండీ. నాదీ ఇదే బాధ. నేను న్యూజెర్సీలో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. క్లాసు వీడియోలు చాలా పేరుకుపోయాయని మా అబ్బాయి ఏదో మోడల్ పెట్టి వాటిని సర్దుతానన్నాడు. పళ్ళెం మీద నిలబడి చేసే తరంగం క్లిప్‌కి `belly dancing` అని వచ్చింది. జతి వేగంగా ఉన్న చోట `tap dancing` అట! పోనీ ఇంకోసారి నేర్పిస్తే మన నాట్యాలు గుర్తుపడుతుందా? ఎన్ని వీడియోలు ఇవ్వాలి?

పాత_కెమెరా

రాధ గారూ, మీదీ వంశీదీ చూడటానికి ఒకటిలా ఉన్నా వేరు. మీకు పేరున్న పని ఉంది, ఆ పేరు జాబితాలో లేదు, అంతే. కైనెటిక్స్-400లో బ్యాలే, సాల్సా, టాంగో, జుంబా, చివరికి గంగ్నమ్ స్టైల్‌కి కూడా విడిగా క్లాసుంది. కూచిపూడికి లేదు. ఉన్నవాటిలో దగ్గరగా కనిపించిన దాన్ని అది ఎంచుకుంది. తరంగం, శబ్దం, జతి విభాగాలకి ఒక్కోదానికి యాభై నుంచి వంద క్లిప్పులు ఇచ్చి చివరి పొర ఒక్కటి మళ్ళీ నేర్పినా పనికొచ్చే ఫలితం రావచ్చు. ఒక్క జాగ్రత్త. తరంగం క్లిప్పులన్నీ ఒకే స్టేజీ మీద తీసినవైతే అది స్టేజీని నేర్చుకుంటుంది.

వంశీ, నీ విషయానికొస్తే, మోడల్‌ని తిట్టేముందు రెండు సంగతులు చెప్పు. కెమెరా సెకనుకి ఎన్ని ఫ్రేములు ఇస్తోంది? నీ కాన్ఫిగ్‌లో `SampleFrames` లైను ఎలా ఉంది?

వంశీ_బెజవాడ

సబ్‌స్ట్రీమ్ తీసుకుంటున్నాం సార్, 12 ఎఫ్‌పీఎస్. `clip_len=16, frame_interval=4`. మిగతావి డిఫాల్ట్.

పాత_కెమెరా

అనుకున్నా. లెక్క చూడు. నాలుగు సెకన్లు, సెకనుకి 12, మొత్తం 48 ఫ్రేములు. నువ్వడిగింది నాలుగేసి ఫ్రేముల ఎడంతో 16. అంటే 0, 4, 8 అలా 60 దాకా వెళ్ళాలి. 47 దాటాక నీ దగ్గర ఫ్రేములే లేవు. అప్పుడు `mmaction2` ఎర్రర్ ఇవ్వదు, `out_of_bound_opt` డిఫాల్ట్‌గా `'loop'` కాబట్టి మళ్ళీ మొదటికి పోతుంది. 48కి బదులు 0, 52కి బదులు 4, ఆ తర్వాత 8, 12.

ఇప్పుడు ఆ 16 ఫ్రేములనీ వరసగా ఊహించుకో. పెద్దాయన కుర్చీలో ఉన్నారు, జారారు, నేల మీదికి వచ్చారు, చటాలున మళ్ళీ కుర్చీ ఎత్తుకి వచ్చేశారు. కిందికి దిగి పైకి లేచే పనికి జాబితాలో ఉన్న పేరు స్క్వాటే. దానికి చూపించినదాన్ని బట్టి అది చెప్పినదాంట్లో పెద్ద తప్పేం లేదు.

దీనికి తోడు వేగం సంగతి ఉంది. ట్రెయినింగ్ వీడియోలు ఎక్కువగా 25, 30 ఎఫ్‌పీఎస్‌వి. నాలుగు ఎడంతో అక్కడ సెకనుకి ఆరో ఏడో ఫ్రేములు పడతాయి, నీకు మూడే పడుతున్నాయి. మెల్లగా జారడం కూడా దాని కంటికి రెట్టింపు వేగంగా కనిపిస్తుంది. ఇలా మార్చు:

```python
dict(type='SampleFrames', clip_len=16, frame_interval=2,
     num_clips=3, out_of_bound_opt='repeat_last',
     test_mode=True)
```

మార్చాక ఆ 16 ఫ్రేములనీ ఒక వరసలో బొమ్మగా సేవ్ చేసి కంటితో చూడు. చాలామంది ఈ పని చెయ్యరు. ఎందుకు చెయ్యరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వంశీ_బెజవాడ

సార్, దండం. ఫ్రేములు వరసగా పెట్టి చూస్తే మీరు చెప్పినట్టే చివరి నాలుగింటిలో ఆయన కుర్చీలో ఉన్నారు. మార్చాక స్క్వాట్ పోయింది. కానీ ఇప్పుడు పైన `yoga` 0.61, దాని కింద `stretching leg`. అంటే బగ్ పోయింది కానీ జబ్బు పోలేదు.

ఇంకో ముక్క కూడా పెట్టి చూశాను. ఒక మామ్మగారు మోకాళ్ళ మీద పాకుతూ మంచం వైపు వెళ్తున్నారు. దానికి `crawling baby` అని వచ్చింది. మా ఫ్రెండు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

పాత_కెమెరా

ఇది అసలు జబ్బు. ముందు చిన్న పరీక్ష చెయ్. చివరి ఫ్రేము ఒక్కటే తీసుకుని పదహారుసార్లు పెట్టి మోడల్‌కి ఇవ్వు. టెన్సర్ బ్యాచ్, ఛానల్, టైమ్, ఎత్తు, వెడల్పు వరసలో ఉంటే:

```python
still = clip[:, :, -1:].repeat(1, 1, 16, 1, 1)
```

కదలికే లేని ఈ "వీడియో"కి కూడా యోగా అనే వస్తే, ఆయన ఎలా నేల మీదికి వచ్చారన్నది మోడల్ పట్టించుకోలేదన్నమాట. నేల మీద మనిషి, కాళ్ళు చాపి ఉన్నాడు, చుట్టూ ఖాళీ హాలు, కాబట్టి యోగా.

అది ఎందుకలా నేర్చుకుందో తెలియాలంటే ఆ డేటా ఎలా పోగైందో తెలియాలి. కైనెటిక్స్‌ని 2017లో డీప్‌మైండ్ వాళ్ళు యూట్యూబ్‌లోంచి తీశారు. ముందు క్లాసు పేర్లు రాసుకున్నారు. ఆ పేర్లతో వీడియోలు వెతికి, పది సెకన్ల ముక్కలు కోసి, డబ్బులిచ్చి జనం చేత చూపించారు. వాళ్ళని అడిగింది "ఇందులో ఏం జరుగుతోంది?" అని కాదు, "ఇందులో ఫలానా పని కనిపిస్తోందా?" అని. ముగ్గురు అవునంటే ఆ ముక్క లోపలికి వెళ్ళింది. ఏ పేరుకీ సరిపోని ముక్క ఆ డేటాలో లేనే లేదు. పైగా అది యూట్యూబ్. నేల మీద పడుకున్న మనిషిని ఎవరు అప్‌లోడ్ చేస్తారు? వ్యాయామం నేర్పేవాళ్ళు.

జాబితా ఓసారి తీరిగ్గా చదువు. `bobsledding` ఉంది. కుక్కని తిప్పడం ఉంది. ఊరికే నడవడం, ఊరికే కూర్చోవడం, నిలబడటం లేవు. మీ హాల్లో రోజంతా జరిగేవి ఆ మూడే.

సాయి, నీ 0.8 గురించి. సాఫ్ట్‌మ్యాక్స్ చెప్పేది "నాకెంత తెలుసు" అని కాదు, "మిగతా 399తో పోలిస్తే ఇది ఎంత మేలు" అని. వంశీ మొదటి పోస్టులో 0.58కీ 0.13కీ మధ్య లాజిట్లలో తేడా 1.5 మాత్రమే. ఆ రెండు లాజిట్లూ 12, 10.5 అయినా 4, 2.5 అయినా ఆ రెంటి నిష్పత్తి ఒక్కటే. మొదటిది బాగా తెలిసిన వీడియో కావచ్చు, రెండోది ఎప్పుడూ చూడనిది కావచ్చు. సాఫ్ట్‌మ్యాక్స్ దాటాక ఆ సంగతి చెరిగిపోతుంది. గడప పెట్టాలంటే లాజిట్ల మీద పెట్టు, కొంత మెరుగు. కొంతే. వింత వీడియోకి కూడా పెద్ద లాజిట్ రావడం మామూలే.

సాయి_ఎంటెక్

లాజిట్ల సంగతి ఒప్పుకుంటా సార్. కానీ పడిపోవడానికి క్లాసే లేదన్నట్టు మాట్లాడుతున్నారు. కైనెటిక్స్-600లో `falling off chair` ఉంది. ఎన్‌టీయూ ఆర్‌జీబీ+డీ డేటాలో `falling down` ఉంది, తూలడం కూడా ఉంది. వాటితో ట్రెయిన్ చేస్తే సరిపోదా?

పాత_కెమెరా

ఉన్నాయి, వాడుకోవచ్చు. కానీ తెరిచి చూశావా? `falling off chair` క్లిప్పుల్లో ఎక్కువ భాగం నవ్వుకోవడానికి పెట్టినవి. కుర్చీ విరుగుతుంది, పక్కవాళ్ళు పగలబడి నవ్వుతారు, కెమెరా ఊగుతుంది. ఎన్‌టీయూ 60 క్లాసుల డేటాలో నటించినవాళ్ళ వయసు 10 నుంచి 35 మధ్య. పడమని చెబితే పడ్డారు. దెబ్బ తగలకుండా చేతులు ముందు పెట్టుకుని పడటం, తర్వాత చక్కగా లేవడం. డెబ్బై దాటిన మనిషి అలా పడతాడా అన్నది నాకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఇక్కడ ఉండాలి.

నర్సు_కమల

నాకు మీ లాజిట్లు తెలియవు. వార్డులో, తర్వాత ఒక ఆశ్రమంలో చాలా ఏళ్ళు చేశాను కాబట్టి పడటం గురించి చెప్తాను.

పెద్దవాళ్ళు సినిమాల్లోలా ధబేల్మని పడటం తక్కువ. రాత్రి బాత్రూంకి లేస్తారు, లేవగానే బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, గోడ పట్టుకుని అలాగే కిందికి జారతారు. మంచం అంచున కూర్చుని ఉన్నవాళ్ళు మెల్లగా ముందుకు వచ్చేస్తారు. బయటనుంచి చూస్తే కూర్చున్నట్టే ఉంటుంది. తేడా తర్వాత తెలుస్తుంది. కావాలని కూర్చున్న మనిషి సర్దుకుంటాడు, చీర కొంగో పంచో సవరించుకుంటాడు. పడ్డ మనిషి అటూ ఇటూ చేత్తో తడుముతాడు, లేదా అసలు కదలడు. పాకుతూ మంచం దగ్గరికి పోయే మామ్మగారి గురించి రాశారు చూడండి, ఆమె దాదాపు ఖాయంగా పడి ఉంటారు. లేవలేక పాకుతున్నారు. ఆ ముక్కకి ముందున్న వీడియో చూశారా?

ఇంకొకటి. మన ఆశ్రమాల్లో నేల మీద కూర్చోవడం వింత కాదు. కింద కూర్చుని తింటారు, చాప మీద పడుకుంటారు, దేవుడి గది ముందు సాష్టాంగపడతారు. వాటన్నిటికీ మీ గంట మోగితే ఆయాలు రెండో రోజుకే దాన్ని ఆపేస్తారు. నేనైనా ఆపేస్తాను.

మీరు అనుకోనిది కూడా ఒకటి చెప్తాను. మా దగ్గర మతిమరుపు ఉన్న ఒకావిడ బట్టలు మడతపెట్టేవారు. మడత పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టి. పగలైతే అది మంచిదే, చేతికి పని. అదే రాత్రి రెండింటికి మొదలుపెట్టారంటే ఆ వారంలో ఏదో ఇన్ఫెక్షనో, మందు పడకపోవడమో ఉండేది. మీ మిషను బట్టలు మడవడం అని చెప్తుంది కదా?

పాత_కెమెరా

చెప్తుందండీ. `folding clothes` కైనెటిక్స్‌లో ఉంది. బహుశా 0.9తో చెప్తుంది, కరెక్టుగా చెప్తుంది. పనికిరాదు. వంశీ, కమల గారి ఉదాహరణ నీ డిజైన్ డాక్యుమెంట్‌లో మొదటి పేజీలో పెట్టు. లేబుల్ తప్పైనప్పుడు వింత దొరకదు, లేబుల్ రైటైనప్పుడూ వింత దొరకదు. నాలుగు సెకన్ల ముక్కలో టైము లేదు, మనిషి ఎవరో లేదు, ముందేం జరిగిందో లేదు.

హరి_డాలస్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా నాన్నగారు గుంటూరులో ఒక్కరే ఉంటారు. హాల్లో కెమెరా పెట్టాను, పడిపోతే అలర్ట్ వచ్చేది. మధ్యాహ్నం భోంచేసి చల్లగా ఉంటుందని గచ్చు మీద తువ్వాలు పరుచుకుని పడుకుంటారు. రోజూ నాకిక్కడ అర్ధరాత్రి దాటాక అలర్ట్. రెండు వారాలు ఉలిక్కిపడి ఫోన్ చేసేవాణ్ణి, ఆయన నిద్ర పాడు, నా నిద్ర పాడు. ఇప్పుడు మ్యూట్‌లో ఉంది. మంచి కెమెరా ఏదైనా ఉంటే చెప్పండి, ధర పర్లేదు.

నర్సు_కమల

హరి గారూ, కెమెరా సంగతి వీళ్ళు చెప్తారు. ఈలోపు పక్కింటివాళ్ళ నంబరు దగ్గర పెట్టుకోండి. మ్యూట్‌లో ఉన్న అలర్ట్ లేనట్టే.

సాయి_ఎంటెక్

నాకొక డౌటు. మోడల్ సీన్ చూసి చెప్తోందని తేలింది కదా. మరి సీన్ తీసేస్తే? మనిషి కీళ్ళ పాయింట్లు మాత్రమే ఇచ్చి, అస్థిపంజరం మీద నడిచే మోడల్ వాడితే యోగా మ్యాట్ ఉందా లేదా అన్నది దానికి తెలియదుగా.

పాత_కెమెరా

మంచి పాయింట్. దీని మీద 2019లో మిమెటిక్స్ అని ఒక డేటాసెట్ చేశారు. 713 క్లిప్పులు, కైనెటిక్స్‌లోంచే 50 పనులు, కానీ వస్తువూ చోటూ లేకుండా మూకాభినయంలో చేసినవి. బంతి లేకుండా బౌలింగ్ లాంటివి. మామూలు వీడియో మోడళ్ళు అక్కడ ఘోరంగా దెబ్బతిన్నాయి. కీళ్ళ మీద ఆధారపడినవి కాస్త నిలబడ్డాయి, అవీ గొప్పగా ఏం చెయ్యలేదు.

కానీ సీసీ కెమెరాలో చిక్కు వేరు. పై మూలనుంచి చూస్తుంది, మనిషి చిన్నగా ఉంటాడు. నేల మీద ముడుచుకున్న మనిషికి పోజ్ మోడల్ కీళ్ళు తప్పుగా పెడుతుంది, ఎందుకంటే అదీ నిలబడ్డవాళ్ళని చూసే ఎక్కువ నేర్చుకుంది. చీర కట్టుకున్నవాళ్ళ మోకాళ్ళు ఎక్కడున్నాయో చెప్పమంటే దానికి మరీ కష్టం. ఒక జబ్బు తగ్గించుకుని ఇంకో జబ్బు తెచ్చుకోవడమే, కాకపోతే రెండోది కొంచెం నయం.

నేనైతే ఏం చేస్తానంటే, వంశీ, "ఇది ఏ పని" అన్న ప్రశ్నే మానేస్తాను. రెండు విషయాలు విడివిడిగా కొలుస్తాను. మొదటిది, మనిషి పెట్టె కింది అంచు నేల గీత దగ్గర ఉంటూ, తుంటి ఎత్తు మామూలు కంటే బాగా తగ్గి, అలా ఎంతసేపు ఉంది. నేల గీతని ఆ కెమెరాకి చేత్తో ఒక్కసారి గీసుకోవచ్చు. చాప వేసే చోటు, పూజ గది ముందు, భోజనాల వరస కూడా గీసి పెట్టుకో. అక్కడ కింద ఉంటే ఎక్కువసేపు ఆగి చూడు, నడవాలోనో బాత్రూం తలుపు దగ్గరో కింద ఉంటే ఇరవై సెకన్లు కూడా ఆగొద్దు.

రెండోది, `VideoMAE`ని పారెయ్యక్కర్లేదు. చివరి పొర తీసేసి, దాని లోపలి 768 అంకెల వెక్టర్ తీసుకో. రెండు మూడు వారాలు ఆ హాల్లో మామూలుగా జరిగేవాటి వెక్టర్లు గంటలవారీగా దాచిపెట్టు. కొత్త ముక్క వచ్చినప్పుడు అదే కెమెరా, అదే వేళ దాచినవాటిలో దగ్గరి ఐదింటికి ఎంత దూరంలో ఉందో చూడు. అప్పుడు రాత్రి రెండింటికి బట్టలు మడవడం దూరంగా పడుతుంది, పగలు పదింటికి పడదు. పేరు పెట్టాల్సిన అవసరమే లేదు.

వంశీ_బెజవాడ

స్టిల్ పరీక్ష చేశాను సార్. ఒక్క ఫ్రేముకి కూడా `yoga`, 0.66. కదలిక ఉన్నప్పటి కంటే ఎక్కువ!

కమల గారూ, మామ్మగారి క్లిప్‌కి ముందు వీడియో తీయించి చూశాం. మీరన్నట్టే ఐదు నిమిషాల ముందు మంచం పక్కన కింద కూర్చుండిపోయారు. మంచం అడ్డంగా ఉండటం వల్ల సగమే కనిపిస్తోంది. ఆశ్రమం మేనేజర్‌కి చెప్పాం, డాక్టర్‌కి చూపిస్తామన్నారు.

దూరం కొలిచే పద్ధతి రెండు రోజుల డేటాతో ఊరికే మొదలుపెట్టాం. మొదట వచ్చిన అలర్ట్ ఏంటో తెలుసా? గ్యాస్ సిలిండర్ దొర్లించుకుంటూ వచ్చిన కుర్రాడు. రెండోది వరండాలోకి వచ్చిన ఆవు.

పాత_కెమెరా

రెండు రోజుల డేటాకి రెండూ న్యాయమైన అలర్టులే. సిలిండర్ నెలకోసారి వస్తుంది కాబట్టి ఎన్ని వారాలు దాచినా అది దూరంగానే ఉంటుంది. ఈ పద్ధతికి అరుదైనదీ ప్రమాదకరమైనదీ ఒకటే. అందుకే ఆ స్కోరుతో గంట మోగించొద్దు. నేల మీద ఎంతసేపు అన్నదానికే గంట పెట్టు. స్కోరు ఎక్కువ వచ్చినవి పొద్దున్నే ఒక చోట చేర్చి ఆయాకి చూపించు, పది నిమిషాల పని. ఆమె "ఇది మామూలే" అన్నవాటిని మామూలు వెక్టర్లలో కలిపెయ్.

మంచం చాటు సంగతికి నా దగ్గర సాఫ్ట్‌వేర్ మందు లేదు. ఇంకో మూల నుంచి ఇంకో కెమెరా.

సాయి_ఎంటెక్

ఆయా "మామూలే" అన్నవన్నీ కలుపుతూ పోతే ఒక పాయింట్ దాటాక ఏదీ దూరంగా అనిపించదు కదా సార్? ఆ మామ్మగారు వారానికోసారి పాకితే నెల తిరిగేసరికి అదీ మామూలు వెక్టర్ల దగ్గరే పడుతుంది.

నర్సు_కమల

అందులో అబద్ధం లేదు. ఆయాలకి కూడా అలాగే అలవాటైపోతుంది. మేము రిజిస్టర్‌లో రాసేవాళ్ళం, పోయిన నెల ఎలా ఉన్నారో తిప్పి చూసుకోవడానికి.

పాత_కెమెరా

పాత వెక్టర్లు చెరపకుండా నెలవారీగా విడిగా ఉంచి, ఈ నెలని మొదటి నెలతో కూడా పోల్చవచ్చు. కానీ మనిషివారీగా చూడాలంటే ఎవరు ఎవరో గుర్తుపట్టాలి. అంటే ముఖాలు దాచాలి. దానికి వాళ్ళ ఒప్పుకోలు ఎవరిస్తారు, మతిమరుపు ఉన్నవాళ్ళ తరఫున ఎవరు సంతకం పెడతారు? నేను పనిచేసిన చోట్ల దీనికి తిన్నగా జవాబు ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. వంశీ, డెమోకి ముందే మేనేజర్‌ని ఇది అడుగు.

హరి_డాలస్

ఆ గచ్చు మీద పడుకునే చోటు గీసిపెట్టుకోవడం అన్నారు చూడండి, అది నా కెమెరా యాప్‌లో "జోన్" అని ఉంది, ఇప్పుడే చూశాను. పెట్టాను. కానీ మా నాన్న ఎండని బట్టి రోజుకో చోట పడుకుంటారు.